యాభై నిమిషాల లెక్చర్‌ను అరవై నిమిషాల పాఠ్య పథకంగా మార్చడం: భిన్నాల ఉదాహరణతో

ఉపాధ్యాయ శిక్షణలో విన్న లెక్చర్‌ను పాఠ్య పథకంగా మార్చమంటే చాలామంది చేసేది ఒకటే. లెక్చర్‌లోని శీర్షికల్ని వరసగా పట్టికలో ఎడమవైపు రాస్తారు. వాటి పక్కన లక్ష్యాల గడిలో ‘అవగాహన చేసుకుంటారు’ అని, కృత్యాల గడిలో ‘చర్చ’ అని, మూల్యాంకనం గడిలో ‘ప్రశ్నలు అడగడం’ అని నింపేస్తారు. ఉన్న సమయాన్ని శీర్షికల సంఖ్యతో భాగిస్తే సమయం గడి కూడా నిండిపోతుంది. పట్టిక చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది. దాన్ని పట్టుకుని తరగతికి వెళ్లినవాళ్లు మాత్రం మళ్లీ లెక్చరే ఇచ్చి వస్తారు. పట్టికలో ఉన్నది గీతలు గీసిన లెక్చరే కాబట్టి అంతకన్నా వేరేది జరగదు.

లెక్చర్ వరస వేరు, పాఠ్య పథకం వరస వేరు. చెప్పేవాడికి ఏది ముందు చెబితే తర్వాతది సులువవుతుందో ఆ వరసలో లెక్చర్ నడుస్తుంది. పథకం చివరి నుంచి మొదలవుతుంది. గంట ముగిసేసరికి ఎదుటివాళ్ల చేతిలో ఏ కాగితం ఉండాలో ముందు తేల్చుకుని, ఆ కాగితం రాయడానికి ఏ సాధన కావాలో చూసి, ఆ సాధనకు సరిపడా ఎంత వివరించాలో అన్నిటికన్నా చివర నిర్ణయిస్తాం. మార్పిడిలో వచ్చే చిక్కులు చాలావరకు ఈ తిరగబడ్డ వరసను ఒప్పుకోకపోవడం వల్లే వస్తాయి.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపిద్దాం. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు ఇచ్చిన యాభై నిమిషాల లెక్చర్ ఉందనుకోండి. విషయం: భిన్నాలను పోల్చడంలో పిల్లలు చేసే పొరపాట్లు. వక్త మొదటి 6 నిమిషాలు భిన్నాలు ఎందుకు ముఖ్యమో చెప్పారు. తర్వాత 8 నిమిషాలు లవం, హారం అంటే ఏమిటో, 14 నిమిషాలు మూడు రకాల తప్పుడు ఆలోచనల గురించి, 7 నిమిషాలు వాటిని పట్టుకునే ప్రశ్నల గురించి, 9 నిమిషాలు కాగితపు పట్టీలతో, సంఖ్యారేఖతో సరిదిద్దే పద్ధతుల గురించి మాట్లాడారు. చివరి 6 నిమిషాలు ముగింపు. దీన్ని 24 మంది ఉపాధ్యాయులతో 60 నిమిషాల్లో నడిపే పథకంగా మార్చాలి.

ఎవరు నేర్చుకుంటున్నారు?

ఉపాధ్యాయ శిక్షణలో ప్రత్యేకంగా ఎదురయ్యే గందరగోళం ఇది. లెక్చర్ నిండా పిల్లలే ఉంటారు. ‘పిల్లవాడు ఇలా అనుకుంటాడు, పిల్లవాడికి ఇది చూపించాలి’ అనే మాటలు వింటూ రాసుకున్నవాళ్లు లక్ష్యం గడిలో ‘విద్యార్థులు భిన్నాలను సరిగ్గా పోలుస్తారు’ అని రాస్తారు. కానీ ఆ గదిలో కూర్చునేది పిల్లలు కాదు, భిన్నాలను పోల్చడం వచ్చిన ఉపాధ్యాయులు. వాళ్లకు రానిది, తప్పు జవాబు చూసి దాని వెనక ఏ ఆలోచన ఉందో చెప్పడం. లక్ష్యంలో మనిషి మారిపోతే కృత్యం కూడా మారిపోతుంది. అప్పుడు పెద్దవాళ్లు గంటసేపు కాగితపు పట్టీలు మడిచి, సరదాగా ఉందని చెప్పి, కొత్తగా ఏమీ చేయలేని స్థితిలోనే ఇంటికి వెళతారు.

అందుకే పట్టిక గీసే ముందు లెక్చర్ లిఖిత రూపాన్ని ఒకసారి చదువుతూ, ప్రతి పేరా పక్కన ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఇది తెలిశాక ఉపాధ్యాయుడు తరగతిలో ఏ పని వేరేగా చేస్తాడు? జవాబు ఉన్న పేరాకు గీత గీయండి. మన ఉదాహరణలో మొదటి 6 నిమిషాలకు జవాబు లేదు, చివరి 6 నిమిషాలకూ లేదు. లవం, హారం వివరణ ఈ శ్రోతలకు తెలిసినదే. మిగిలేవి 14, 7, 9 నిమిషాల భాగాలు. అంటే యాభైలో ముప్పై. ఈ ముప్పై కూడా మొత్తం ఒక గంట సాధనలో ఇమడదు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఈ చదువులోనే ఇంకొకటి వెతకాలి. వక్త తానే అడిగి తానే జవాబు చెప్పేసిన ప్రశ్నలు. ‘3/4, 5/6 సమానమని పిల్లవాడు ఎందుకన్నాడు? ఎందుకంటే రెండింట్లోనూ ఒక్క ముక్కే తక్కువ కాబట్టి’ అని వక్త ఒక్క గుక్కలో చెప్పేసి ఉంటారు. తరగతుల్లో ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970లలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించారు. ఆ నిశ్శబ్దాన్ని మూడు సెకన్ల దాకా పెంచితే జవాబులు పొడవుగా, కారణాలతో సహా వస్తాయనీ చూపించారు. లెక్చర్‌లో ఆ ఒక్క సెకను కూడా ఉండదు. అలా మింగేసిన ప్రతి ప్రశ్నలో ఒక కృత్యం దాగి ఉంటుంది. జవాబును తీసి పక్కన పెట్టి ప్రశ్నను మాత్రం ఉంచితే చాలు, కృత్యాన్ని బయట వెతకక్కర్లేదు.

లక్ష్యం రాయడం

బోధనా లక్ష్యాలు రాయడం గురించి 1962లో రాబర్ట్ మేగర్ చెప్పిన మూడు భాగాల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. నేర్చుకున్నవాడు ఏం చేస్తాడు, ఏ పరిస్థితిలో చేస్తాడు, ఎంత బాగా చేస్తే చాలు. బ్లూమ్ వర్గీకరణ క్రియల జాబితా నుంచి ‘విశ్లేషిస్తారు’ అనే మాట ఎంచుకున్నంత మాత్రాన ఇది రాదు. ‘పిల్లల పొరపాట్లను విశ్లేషిస్తారు’ అన్న వాక్యాన్ని చేతిలో పెట్టుకుని 24 కాగితాలు దిద్దలేం. ఎవరు విశ్లేషించారో, ఎవరు విశ్లేషించలేదో అందులో లేదు.

మన గంటకు రెండు లక్ష్యాలు చాలు. మూడోది రాయాలనిపిస్తే అది రెండో గంటకు.

మొదటిది: ఎనిమిది మంది పిల్లలు రెండు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు చూపిస్తే, ఏ జవాబు ఏ ఆలోచన నుంచి వచ్చిందో ఒంటరిగా గుర్తిస్తారు, ఎనిమిదింట్లో కనీసం ఆరు సరిపోవాలి. రెండోది: కరపత్రంలో లేని ఒక భిన్నాల జతను సొంతంగా తయారు చేసి, సరైన ఆలోచనా, మూడు తప్పుడు ఆలోచనలూ దానికి ఏ జవాబు ఇస్తాయో పక్కన రాస్తారు, నాలుగూ సరిగ్గా ఉండాలి, కనీసం ఒక తప్పుడు ఆలోచన తప్పు జవాబు ఇవ్వాలి.

సరిదిద్దే పద్ధతుల 9 నిమిషాలు ఎక్కడికి పోయాయి? ఈ గంటలోంచి బయటికి. పొరపాటు ఏదో గుర్తించలేనివాళ్లకు దాన్ని సరిదిద్దే పట్టీలు ఇస్తే, అందరికీ ఒకే మందు వేస్తారు. కాబట్టి ఆ భాగం తర్వాతి గంటకు వెళ్లాలి, లేదా ఒక పేజీ చదువు కాగితంగా ఇవ్వాలి. పథకం తయారుచేసేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఇదే. మంచి విషయమే, అయినా తీసేయాలి. తీసేయకపోతే అది చివరి పది నిమిషాల్లోకి దూరి మూల్యాంకనాన్ని మింగేస్తుంది.

ముందు మూల్యాంకనం

మూడు తప్పుడు ఆలోచనలకు పేర్లు పెట్టుకుందాం. సంఖ్యలు పెద్దవైతే భిన్నం పెద్దదనుకోవడం ‘పెద్ద సంఖ్య లెక్క’. ముక్కలు ఎక్కువైతే ఒక్కో ముక్క చిన్నదవుతుందని ఒకసారి విని, లవాన్ని వదిలేసి హారం చిన్నదైతే చాలు భిన్నం పెద్దదనుకోవడం ‘చిన్న హారం లెక్క’. లవానికీ హారానికీ మధ్య తేడా చూసి, తేడా తక్కువైతే పెద్దదనీ, తేడా ఒకటే అయితే సమానమనీ అనుకోవడం ‘తేడా లెక్క’.

ఇప్పుడు ఏ ప్రశ్న అడిగితే వీటిలో ఎవరు దొరుకుతారు? మొదట తట్టే ప్రశ్న ‘2/5, 4/5 లో ఏది పెద్దది’. పెద్ద సంఖ్య లెక్క వేసే పిల్లవాడు 4/5 అంటాడు, సరైనదే. తేడా లెక్క వేసేవాడూ 4/5 అంటాడు, అదీ సరైనదే. చిన్న హారం లెక్కకు ఇక్కడ పనే లేదు, హారాలు ఒకటే కాబట్టి. తరగతిలో అందరికీ మార్కులు వస్తాయి, ఉపాధ్యాయుడు సంతోషంగా ముందుకు వెళతాడు. తప్పుడు ఆలోచన సరైన జవాబు ఇచ్చే ప్రశ్నతో ఆ ఆలోచన బయటపడదు.

రెండే రెండు ప్రశ్నలు ఈ నాలుగు ఆలోచనలనూ విడదీయగలవు.

| పిల్లవాడి ఆలోచన | 1/4, 1/3 లో పెద్దది | 3/4, 5/6 లో పెద్దది |
|---|---|---|
| సరైన ఆలోచన | 1/3 | 5/6 |
| పెద్ద సంఖ్య లెక్క | 1/4 | 5/6 |
| చిన్న హారం లెక్క | 1/3 | 3/4 |
| తేడా లెక్క | 1/3 | రెండూ సమానం |

నాలుగు వరసలూ వేర్వేరుగా ఉన్నాయని గమనించండి. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగితే చిన్న హారం లెక్క, తేడా లెక్క రెండూ తప్పించుకుంటాయి. రెండోది ఒక్కటే అడిగితే పెద్ద సంఖ్య లెక్క తప్పించుకుంటుంది. లెక్చర్‌లో 7 నిమిషాలు మాట్లాడిన విషయం మొత్తం ఈ చిన్న పట్టికలో ఉంది. మన గంట నిలబడేది కూడా దీని మీదే.

దీనికొక హద్దు ఉంది. అడ్డగుణకారం గుడ్డిగా నేర్చుకున్న పిల్లవాడు రెండు ప్రశ్నలకూ సరైన జవాబు రాస్తాడు. అతనికి భిన్నం పరిమాణం తెలుసో లేదో ఈ జత చెప్పదు. మొదటిదానికి 1/4 అని, రెండోదానికి సమానమని రాసే పిల్లవాడూ ఉంటాడు. అతను పట్టికలోని ఏ వరసలోనూ పడడు. ‘కాగితం చూసి చెప్పలేం, పిల్లవాణ్ని అడగాలి’ అన్నదే అక్కడ సరైన జవాబు. శిక్షణలో ఈ రకం కాగితం ఒకటైనా పెట్టాలి. లేకపోతే ప్రతి తప్పుకూ ఒక పేరు ఉంటుందన్న భ్రమతో ఉపాధ్యాయులు వెళతారు.

అలా ఎనిమిది జవాబుల కాగితం తయారవుతుంది: మూడు తప్పుడు ఆలోచనలవి రెండేసి, సరైనది ఒకటి, ఏ వరసలోనూ పడనిది ఒకటి. ఇక ముందు రాసుకున్న ‘ఎనిమిదింట్లో ఆరు’ అనే కొలత దగ్గరకు మళ్లీ వెళ్లండి. తేడా లెక్క గురించి ఒక్క ముక్క కూడా అర్థం కాని ఉపాధ్యాయుడు ఆ రెండూ తప్పు రాసి, మిగతా ఆరూ సరిగ్గా రాసి గట్టెక్కుతాడు. మనం నేర్పదలచుకున్న మూడింట్లో ఒకటి పూర్తిగా రాకపోయినా కొలత అతన్ని దాటించేసింది. కాబట్టి లక్ష్యం వాక్యాన్ని దిద్దాలి: కనీసం ఆరు సరిపోవాలి, ఆ ఆరింట్లో మూడు రకాలూ కనీసం ఒక్కొక్కసారి ఉండాలి. మూల్యాంకనాన్ని ముందు రాయడంలో ఉన్న లాభం ఇదే. లక్ష్యంలోని చిల్లు కాగితం తయారుచేస్తుంటే కనిపిస్తుంది. అదే కాగితాన్ని చివర హడావిడిగా రాస్తే ఎప్పటికీ కనిపించదు.

ముగింపు కాగితంలో సంఖ్యలు మార్చాలి. సాధనలో 1/4, 1/3, 3/4, 5/6 వాడితే చివర 1/6, 1/5 ఒక జతగా, 4/5, 7/8 ఇంకో జతగా ఇవ్వండి. రెండో జతలో పెద్దది 7/8. పెద్ద సంఖ్య లెక్క కూడా 7/8 అంటుంది, చిన్న హారం లెక్క 4/5 అంటుంది, తేడా లెక్క సమానమంటుంది. నిర్మాణం అదే, అంకెలు వేరు. అవే అంకెలు తిరిగి ఇస్తే కొలిచేది జ్ఞాపకాన్నే.

కృత్యాలు, వాటికి నిజంగా పట్టే సమయం

మొదటి లక్ష్యానికి కావలసిన సాధన తేలిగ్గానే దొరుకుతుంది. ఇద్దరిద్దరుగా కూర్చుని ఎనిమిది మంది పిల్లల జవాబులను వర్గాలుగా విడదీయడం. పథకాల్లో దీన్ని ‘జంట కృత్యం, 10 ని.’ అని రాస్తారు. నిజానికి ఏమవుతుందో చూద్దాం. సూచనలు ఇచ్చి కాగితాలు పంచడానికి 2 నిమిషాలు. ఒక్కో కాగితానికి నిమిషం చొప్పున 8 నిమిషాలు. అప్పటికే పది అయిపోయింది, ఇంకా ఎవరూ జవాబు సరిచూసుకోలేదు. ఇక ‘ఒక్కో జంట వచ్చి చెప్పండి’ అన్నారో, 24 మందికి 12 జంటలు. జంటకు రెండు నిమిషాలు వేసుకున్నా 24 నిమిషాలు. గంటలో సగానికి దగ్గరగా వినడానికే పోతుంది. పైగా ఐదో జంట నుంచి అందరూ చెప్పిందే చెబుతారు.

కాబట్టి నివేదికలు వద్దు. సరైన వర్గాలను గోడ మీద ఒకేసారి చూపించి, ఎవరి జవాబు తేడా వచ్చిందో చేతులెత్తించి, ఎక్కువ చేతులు లేచిన ఒకటి రెండు కాగితాల గురించే మాట్లాడాలి. దానికి 6 నిమిషాలు సరిపోతాయి. అంటే ఈ కృత్యం అసలు ధర 2, 8, 6 కలిపి 16 నిమిషాలు. సమయం గడిలో ఒక్క అంకె వేయకుండా ఈ మూడు ముక్కల్నీ విడివిడిగా రాయడం అలవాటు చేసుకుంటే పథకాలు దారి తప్పడం చాలావరకు తగ్గుతుంది. మొదటి ముక్కనూ మూడో ముక్కనూ లెక్కలో మర్చిపోవడమే సమయం చాలకపోవడానికి మామూలు కారణం.

రెండో కృత్యంలో ఒక్కొక్కరూ సొంతంగా ఒక భిన్నాల జత తయారు చేస్తారు. సూచనలకు 2, ఒంటరిగా రాయడానికి 4, పక్కవాళ్లతో కాగితం మార్చుకుని సరిచూడడానికి 4, రెండు నమూనాలను నల్లబల్ల మీద పరీక్షించడానికి 6. ఇదీ 16 నిమిషాలే. ఇక్కడ ఒక చిన్న ఏర్పాటు ఉంది. పక్కవాళ్లు దిద్దేటప్పుడు వేరే రంగు పెన్ను వాడాలి. మొదట రాసింది కొట్టేయకూడదు, చెరిపేయకూడదు. అప్పుడు ఆ కాగితమే రెండో లక్ష్యానికి సాక్ష్యం అవుతుంది. చివర మళ్లీ విడిగా పరీక్ష పెట్టక్కర్లేదు. ఒకే పెన్ను వాడితే ఎవరికి వచ్చిందో, ఎవరికి పక్కవాళ్లు చెప్పారో తేలదు.

ఈ కృత్యంలో వచ్చే నమూనాల్ని ముందే ఊహించి పథకంలో రాసుకోవాలి. 2/7, 2/5 అని రాసినవాళ్లు పెద్ద సంఖ్య లెక్కను పట్టుకుంటారు, మిగతా రెండూ తప్పించుకుంటాయి; లక్ష్యానికి అది చాలు. 2/7, 5/7 అని రాసినవాళ్లు ఎవరినీ పట్టుకోలేదు. ‘హారం ఒకటే అయితే ఏ లెక్క తప్పుతుంది?’ అని అడిగితే వాళ్లే గ్రహిస్తారు. ఆసక్తికరమైనది 2/3, 4/6. నిజానికి రెండూ సమానం. పెద్ద సంఖ్య లెక్క 4/6 అంటుంది. చిన్న హారం లెక్క 2/3 అంటుంది. తేడా లెక్క కూడా 2/3 అంటుంది, ఎందుకంటే అక్కడ తేడా ఒకటి, ఇక్కడ రెండు. అంటే మూడూ దొరికాయి గాని చివరి రెండూ విడిపోలేదు. పట్టుకోవడం వేరు, విడదీయడం వేరు అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. గదిలో ఎవరూ రాయకపోతే శిక్షకుడే నల్లబల్ల మీద పెట్టాలి.

ఇక వివరణ. రెండు కృత్యాలకూ ముందు తెలిసి ఉండాల్సింది మూడు ఆలోచనల పేర్లు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ, పై పట్టిక. లెక్చర్‌లో 14, 7 కలిపి 21 నిమిషాలు పట్టిన దీనికి 10 నిమిషాలు చాలు, ఎందుకంటే మిగతా ఉదాహరణలన్నీ కృత్యాల్లోకి వెళ్లిపోయాయి. దానికి ముందు 5 నిమిషాల ప్రారంభం: ఒక పిల్లవాడి కాగితం చూపించి (1/3, సమానం), ‘ఇతను ఏమనుకుని ఉంటాడు?’ అని రాయించడం. చర్చించవద్దు, రాయించి వదిలేయండి. వక్త మింగేసిన ప్రశ్న ఇదే.

నింపిన పట్టిక

| నిమిషాలు | ఉపాధ్యాయులు చేసేది | శిక్షకుడు చేసేది | లక్ష్యం | చేతికి వచ్చే సాక్ష్యం |
|---|---|---|---|---|
| 0–5 | ఒక పిల్లవాడి జవాబు చూసి, కారణం ఒంటరిగా రాస్తారు | కాగితం చూపిస్తారు, జవాబు చెప్పరు | 1 | ప్రారంభ ఊహ |
| 5–15 | వింటూ ఖాళీ పట్టిక నింపుతారు | మూడు ఆలోచనలు, రెండు ప్రశ్నల పట్టిక | 1 | నింపిన పట్టిక |
| 15–31 | జంటగా 8 కాగితాలను వర్గాలు చేస్తారు (2+8+6) | తిరిగి చూస్తారు, తేడా వచ్చినవే చర్చిస్తారు | 1 | లేచిన చేతుల లెక్క |
| 31–37 | అవసరాన్ని బట్టి | మళ్లీ వివరణ, లేదా ముందుకు | 1 | – |
| 37–53 | సొంత జత తయారీ, మార్పిడి (2+4+4+6) | రెండు నమూనాలు నల్లబల్ల మీద | 2 | రెండు రంగుల కాగితం |
| 53–60 | ముగింపు కాగితం, ఒంటరిగా | పంచడం, సేకరించడం | 1 | 8 వరసల జవాబు |

చివరి 7 నిమిషాల్లో సూచనకు 1, వరసకు అర నిమిషం చొప్పున 4, సేకరణకు 2. రెండో లక్ష్యాన్ని కూడా ఇక్కడే పరీక్షించాలనుకుంటే ఇంకో 4 నిమిషాలు కావాలి, అవి లేవు. అందుకే ఆ పనిని ముందే రెండు రంగుల కాగితానికి అప్పగించాం.

31 నుంచి 37 వరకు ఉన్న ఖాళీ గురించి చెప్పాలి. మొత్తం పనులు 54 నిమిషాలు, మిగిలిన ఆరూ వెసులుబాటు. చాలామంది దీన్ని చివర పెడతారు. చివర పెడితే ఆలస్యాలన్నీ అక్కడిదాకా పోగై, ముగింపు కాగితం ఇంటిపని అయిపోతుంది. ఇంటి నుంచి తిరిగి వచ్చేవి ఎన్నో అందరికీ తెలుసు. నిర్ణయం తీసుకోవాల్సిన చోట పెడితే దానికి పని ఉంటుంది. తేడా లెక్క కాగితాల దగ్గర పన్నెండు జంటల్లో తొమ్మిదికన్నా తక్కువ మంది సరిగ్గా చేస్తే ఆ 6 నిమిషాలు దాన్ని మళ్లీ చెప్పడానికి వాడాలి. తొమ్మిది లేదా ఎక్కువైతే నేరుగా రెండో కృత్యానికి వెళ్లి, ఆ నిమిషాలను నమూనాల పరీక్షకు కలపాలి. తొమ్మిది అనేది దైవవాక్కు కాదు, ముప్పావు వంతు. కానీ ఏదో ఒక అంకె ముందే రాసి ఉండాలి. లేకపోతే తల ఊపే నలుగురిని చూసి అందరికీ అర్థమైందనుకుంటాం.

పట్టికలో ‘ఉపాధ్యాయులు చేసేది’ అన్న గడిని శిక్షకుడి గడికన్నా ముందు పెట్టింది కావాలనే. శిక్షకుడి గడి ముందుంటే రాసేవాళ్ల చెయ్యి ‘వివరిస్తారు, చెబుతారు, చూపిస్తారు’ వైపే పోతుంది, పక్క గడిలో ‘వింటారు’ మిగులుతుంది. పూర్తయిన పథకాన్ని సరిచూడాలంటే శిక్షకుడి గడిని చేత్తో మూసేసి మిగతాది చదవండి. ‘వింటారు, గమనిస్తారు, చర్చిస్తారు’ అన్న మాటలున్న వరసల నిమిషాలు కూడండి. ఇక్కడ 10 వచ్చాయి. ముప్పై వస్తే అది ఇంకా లెక్చరే. అలాగే చివరి రెండు గడులూ చూడండి. సాక్ష్యం లేని లక్ష్యం ఉంటే లక్ష్యాన్ని కొట్టేయాలి. ఏ లక్ష్యానికీ చెందని కృత్యం ఉంటే, ఎంత ముద్దొచ్చేదైనా, కృత్యాన్ని కొట్టేయాలి.

ఈ పథకం గంట తర్వాత ఏమైందో చెప్పలేదు. ముగింపు కాగితంలో ఎనిమిదికి ఎనిమిది తెచ్చుకున్న ఉపాధ్యాయుడు తన తరగతిలో మళ్లీ 2/5, 4/5 నే అడగవచ్చు. అది తెలియాలంటే తర్వాతి గంటకు ప్రతి ఒక్కరూ తాము తయారుచేసిన జతను తమ పిల్లలకు ఇచ్చి, ఐదుగురి జవాబు కాగితాలు తీసుకురావాలి. ఆ గంటకు ప్రారంభ కృత్యం ఆ కాగితాలే. ఇందాక పక్కన పెట్టిన పట్టీలు, సంఖ్యారేఖ అప్పుడు బయటికి తీయవచ్చు, ఎందుకంటే అప్పటికి ఎవరి తరగతిలో ఏ లెక్క నడుస్తోందో చేతిలో ఉంటుంది.

పట్టికను ఇంకో లెక్చర్‌కు వాడేటప్పుడు గడులూ, 2+8+6 లాంటి విడదీసిన సమయాలూ, మధ్యలోని వెసులుబాటూ అలాగే ఉంటాయి. లక్ష్యం వాక్యాలు, సాక్ష్యం కాగితం, ముందే ఊహించిన తప్పు నమూనాలు ప్రతిసారీ కొత్తగా రాయాల్సిందే. మొదటిసారి నడిపేటప్పుడు నిమిషాల గడి పక్కన ఒక సన్నని ఖాళీ గడి వదిలి, నిజంగా పట్టిన సమయాన్ని పెన్సిల్‌తో వేయండి. సూచనలకు రాసుకున్న 2 నిమిషాలు 4 అయ్యాయని కనిపిస్తే, తర్వాతిసారి మాట వేగం పెంచవద్దు. సూచనల్ని కాగితం పైభాగంలోనే అచ్చు వేసి ఇవ్వండి.